కాటా సాఫ్ట్‌వేర్ మారాక డేటా మారిందా? హిస్టోగ్రామ్ దాచింది విలువల లెక్కలో పట్టుకోవడం ఎలా

ఆదివారం రాత్రి కాటా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కి మారింది. సోమవారం పొద్దున ఎప్పటిలాగే ఫైల్ వచ్చింది. వరసల సంఖ్య సరిపోయింది, ఖాళీ గడులు లేవు, కాలమ్‌ల పేర్లు మారలేదు, కనిష్ఠం గరిష్ఠం కూడా పాత హద్దుల్లోనే ఉన్నాయి. మామూలు తనిఖీలన్నీ ఇక్కడితో ఆగిపోతాయి. అప్‌గ్రేడ్ తెచ్చే అసలు తేడా చాలాసార్లు ఇంకా లోపల ఉంటుంది. విలువలు ఎంత ఉన్నాయన్నది మారదు, ఏ విలువ ఎన్నిసార్లు వస్తోందన్నది మారుతుంది.

దీన్ని ఒకే కాలమ్ మీద మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. గాజువాక వైపు ఒక బొగ్గు యార్డు ఉందనుకోండి. పోర్టు నుంచి టిప్పర్లు బొగ్గుతో వస్తాయి. లోపలికి వచ్చేటప్పుడు కాటా మీద గ్రాస్ బరువు, బొగ్గు దించి బయటికి వెళ్లేటప్పుడు ఖాళీ బండి బరువు, అంటే టేర్, తీస్తారు. రెండింటి తేడా నెట్. బిల్లు నెట్ మీద నడుస్తుంది. కాబట్టి అందరి కళ్లూ నెట్ మీదే ఉంటాయి, టేర్‌ని ఎవరూ పట్టించుకోరు. మనం చూడబోయేది ఆ టేర్ కాలమ్‌నే. వారానికి సుమారు 4,000 ట్రిప్పులు, 300 బండ్లు, కాటా చూపించే కనీస తేడా 10 కిలోలు అనుకుందాం. ఇక్కడి అంకెలు లెక్క నడపడానికి నేను పెట్టినవే. మీ దగ్గర వేరే ఉంటాయి, పద్ధతి అదే.

మొదటి పని: పాత డేటాను అప్‌గ్రేడ్‌కి ముందే పక్కన పెట్టుకోండి

పోల్చడానికి పాత డేటా కావాలి కదా అని అప్‌గ్రేడ్ అయ్యాక కొత్త సిస్టమ్‌లోంచి పాత నెల వరసలు తీయకండి. కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు పాత టేబుళ్లను కొత్త రూపంలోకి మారుస్తారు. ఆ మార్పిడిలోనే ఖాళీ గడుల్లో సున్నాలు పడొచ్చు, తూకం వెయ్యని టేర్‌ల చోట వాహనాల మాస్టర్‌లో, అంటే బండ్ల వివరాల జాబితాలో, నమోదైన బరువు చేరొచ్చు. అప్పుడు మీ 'ముందు', 'తర్వాత' రెండూ ఒకే తప్పుతో ఉంటాయి, తేడా సున్నా వస్తుంది. అందుకే మారడానికి ముందు రోజే కనీసం నాలుగు వారాల ముడి వరసలను ఒక ఫైల్‌లోకి దించి, ఎవరూ ముట్టుకోని చోట పెట్టండి. ఆ అవకాశం దాటిపోతే పాత రోజువారీ ఫైళ్లు, ఈమెయిల్‌లో వెళ్లిన రిపోర్టులు, చివరికి ముద్రించిన కాటా చీటీలైనా వెతకండి.

మార్పు జరిగిన సమయం గంట, నిమిషంతో సహా రాసుకోండి. 'జులై మొదటి వారంలో' అంటే పనికిరాదు. మన ఉదాహరణలో అది 2025 జులై 6, ఆదివారం రాత్రి 10 గంటలు. యార్డులో రెండు కాటాలు ఉండి ఒకదానికే ముందు మార్చి ఉంటే అది మీ అదృష్టం. రెండో కాటా అదే వానలో, అవే బండ్లతో, పాత సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంటుంది. పోలికకు దానికి మించింది దొరకదు.

కాలాన్ని పూర్తి వారాలుగానే కొయ్యండి. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక ముక్క. పది రోజులను ఏడు రోజులతో పోలిస్తే ఆదివారాల వాటా మారి, ఏ తప్పూ లేకుండానే తేడా కనిపిస్తుంది. విశాఖలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణకు నగరంలో ట్రాఫిక్ మళ్లిస్తారు. 2025లో అది జులై 9, సరిగ్గా మన 'తర్వాత' వారంలో పడింది. ఆ రోజు ట్రిప్పుల సంఖ్య పడిపోయినా కంగారు పడకండి. మనం చూసేది సంఖ్యలు కాదు, వాటాలు. అందుకే ఇకపై అన్నీ శాతాల్లోనే ఉంటాయి.

రెండో పని: హిస్టోగ్రామ్, గడుల అంచులు ముందే కట్టేసి

ప్లాట్ గీసే లైబ్రరీకి రెండు కాలాల డేటా విడివిడిగా ఇచ్చి 'పది గడులు చెయ్యి' అంటే, ఒక్కోదానికి ఒక్కో అంచులు పెడుతుంది. ఆ రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూడటం వల్ల ఏమీ తెలియదు. అంచులను పాత డేటా చూసి ఒకసారి నిర్ణయించి, రెండింటికీ అవే వాడండి. రెండు చివర్లూ తెరిచి ఉంచండి. రేపు యూనిట్ కిలోల నుంచి టన్నులకు మారి 10.42 లాంటివి వస్తే అవి మొదటి గడిలో పడి కనిపించాలి, రాలిపోకూడదు.

```python
import numpy as np
import pandas as pd

edges = [-np.inf, 9000, 10000, 11000,
         12000, 13000, np.inf]

def share(s):
    h = pd.cut(s, edges, right=False)
    h = h.value_counts(sort=False).to_numpy()
    return (h + 0.5) / (h.sum() + 0.5 * len(h))

def psi(a, b):
    p, q = share(a), share(b)
    return ((q - p) * np.log(q / p)).sum()
```

`right=False` ఊరికే పెట్టలేదు. గడి ఎడమ అంచు లోపలికి, కుడి అంచు బయటికి అని దాని అర్థం. సరిగ్గా 10,000 అన్న విలువ ఏ గడిలోకి పోతుందో దాని మీదే ఆధారపడి ఉంటుంది. గుండ్రటి అంకెలు గడి అంచులైన చోట, సాఫ్ట్‌వేర్ సొంతంగా నింపే విలువలు కూడా ఎక్కువగా గుండ్రటివే అయిన చోట, ఇది చిన్న విషయం కాదు. 0.5 కలపడం ఖాళీ గడి వల్ల లాగరిథమ్ పగలకుండా. టేర్ ఖాళీగా ఉన్న వరసలు ఈ లెక్కలోకి రావు, వాటి శాతం విడిగా చూసుకోండి.

ఇప్పుడు మన టేర్ కాలమ్ వాటాలు చూడండి. పది టైర్ల టిప్పర్లు, పన్నెండు టైర్లవి కలిసి తిరుగుతాయి కాబట్టి బొమ్మకి రెండు గుట్టలు ఉన్నాయి.

| టేర్, కిలోల్లో | ముందు వారం | తర్వాత వారం |
|---|---|---|
| 9,000 లోపు | 4% | 4% |
| 9,000–9,990 | 11% | 11% |
| 10,000–10,990 | 38% | 40% |
| 11,000–11,990 | 14% | 14% |
| 12,000–12,990 | 27% | 25% |
| 13,000, ఆపైన | 6% | 6% |

రెండు కాలాల వాటాల తేడాను ఒక్క అంకెలో చెప్పేది పీఎస్ఐ, అంటే పాపులేషన్ స్టెబిలిటీ ఇండెక్స్. దాని లెక్క ఇంతే: ప్రతి గడికి కొత్త వాటాలోంచి పాత వాటా తీసెయ్యండి, ఆ రెండింటి నిష్పత్తికి లాగరిథమ్‌తో గుణించండి, అన్నీ కూడండి. మారిన గడులు రెండే. మూడో గడికి 0.02 × ln(40/38) = 0.0010. ఐదో గడికి −0.02 × ln(25/27) = 0.0015. మొత్తం 0.0026 దగ్గర.

వాడుకలో ఉన్న కొలత ప్రకారం 0.1 లోపు అయితే మార్పు లేనట్టు, 0.25 దాటితే పెద్ద మార్పు. మనది ఆ హద్దుకు ఎక్కడో కింద ఉంది. పైగా ఏమీ మారకపోయినా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే పీఎస్ఐ సుమారు ఎంతంటే, గడుల సంఖ్యలో ఒకటి తగ్గించి, రెండు వైపుల వరసల సంఖ్యల విలోమాల మొత్తంతో గుణించినంత. ముందు వారం 4,000, తర్వాత వారం 4,100 ట్రిప్పులు అనుకుంటే ఇక్కడ 5 × (1/4000 + 1/4100) = 0.0025. అంటే మనకు వచ్చింది అచ్చంగా గాలి చప్పుడే. డ్యాష్‌బోర్డు మీద పచ్చ దీపం వెలుగుతుంది. చాలామంది ఇక్కడ ఫైల్ మూసేస్తారు.

ఆ 0.1, 0.25 హద్దుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎవరి డేటాకో పనికొచ్చిన అంకెలవి. మీ హద్దు మీ పాత వారాల నుంచే రావాలి. అప్‌గ్రేడ్‌కి ముందున్న నాలుగు వారాలను ఒకదానితో ఒకటి పోల్చండి. మన ఉదాహరణలో పక్కపక్క వారాల మధ్య పీఎస్ఐ 0.004, 0.002, 0.006 వచ్చిందనుకోండి. అప్‌గ్రేడ్ తర్వాతి 0.0026 వాటి మధ్యలోనే ఉంది. కాబట్టి ఈ గడులతో చూసినంత వరకు మార్పు లేదనడం నిజాయతీ అయిన జవాబే. రెండు డేటాల పంపిణీ ఒకటేనా అని చూసే కోల్మొగొరోవ్–స్మిర్నోవ్ పరీక్ష పెట్టినా చిక్కు తీరదు. వరసలు లక్షల్లో ఉంటే అది ప్రతి చిన్న కదలికకూ కేకలు వేస్తుంది. పైగా ఒకే బండి వారంలో పదమూడు సార్లు వస్తుంది కాబట్టి వరసలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. ఆ పరీక్ష మాత్రం సంబంధం లేదనుకునే లెక్క వేస్తుంది.

మూడో పని: ఏ విలువ ఎన్నిసార్లు

టేర్ లాంటి కాలమ్ చూడటానికి నిరంతరంగా పారే సంఖ్యలా ఉన్నా, కాటా 10 కిలోల మెట్లతో చూపిస్తుంది కాబట్టి నిజానికి అది కొన్ని వందల విలువల జాబితా. 9,000 నుంచి 13,500 దాకా 450 మెట్లు మాత్రమే. ప్రతి మెట్టు మీద ఎంతమంది నిలబడ్డారో లెక్కపెట్టొచ్చు. దశాంశాలతో 10423.7 లాంటివి వస్తుంటే ముందు 10కి గుండ్రం చేసి, తర్వాత ఇదే చెయ్యండి. కొత్త వెర్షన్ సంఖ్యలను అక్షరాలుగా పంపుతోందేమో కూడా ముందే చూసుకోండి. లేకపోతే `10420`, `10420.0` వేరువేరు విలువలుగా నిలబడి జాబితా మొత్తం మారిపోయినట్టు కనిపిస్తుంది.

```python
def freq_diff(a, b, n=15):
    t = pd.DataFrame({
        "pre":  a.value_counts(normalize=True),
        "post": b.value_counts(normalize=True),
    }).fillna(0)
    t["diff"] = t["post"] - t["pre"]
    t = t.sort_values("diff", ascending=False)
    return pd.concat([t.head(n), t.tail(n)])
```

రెండు కాలాల జాబితాలను విడివిడిగా ప్రింట్ చేసి కళ్లతో పోల్చకండి. తేడా ప్రకారం వరసలో పెడితేనే అసలు సంగతి పైకి తేలుతుంది. ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి చదవండి. కొత్తగా పెరిగినవి పైన, మాయమైనవి కింద.

మన జాబితాలో మొదటి వరసలోనే జవాబులో సగం ఉంది. 10,000 అన్న విలువ ముందు వారంలో 0.3 శాతం, తర్వాత 3.1 శాతం. 4,100 ట్రిప్పుల్లో 127. ముందు వారాల్లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన విలువ కూడా 0.7 శాతం దాటలేదు. పది కిలోల కాటా మీద, ఇన్ని రకాల బండ్లతో, ఒకే విలువకు మూడు శాతం రావడం సహజం కాదు. అంత గుండ్రటి అంకె మరీ కాదు.

ఇంత స్పష్టమైనది హిస్టోగ్రామ్‌లో ఎందుకు దాక్కుంది? మన మూడో గడిలో ముందే 38 శాతం ఉంది. ఆ గుంపులో మరో రెండు శాతం కలిస్తే ఎవరికి కనబడుతుంది? అదే గడులు 100 కిలోలకు ఒకటిగా చిన్నవి చేస్తే 10,000–10,090 గడి ఉన్నట్టుండి ఒక్కటే నిలువుగా లేచి ఉండేది. కాబట్టి రెండు వెడల్పులతో గీయండి. పెద్ద గడులు గుట్టల ఆకారం చూపిస్తాయి, చిన్న గడులు మేకుల్లా పొడుచుకొచ్చినవి చూపిస్తాయి. గడులను మరీ చిన్నవి చేస్తే మాత్రం ప్రతి గడిలో పదో ఇరవయ్యో వరసలు మిగిలి, అంతా మేకులే కనిపిస్తాయి.

ఆ 127 వరసలను విప్పి బండి నంబర్లు చూడండి. ఇక్కడ పది బండ్లే వచ్చాయి. అన్నీ వాహనాల మాస్టర్‌లో ఖాళీ బరువు నమోదు కానివి. కొత్త సాఫ్ట్‌వేర్ టేర్ దొరకనప్పుడు 10,000 వేసుకుంటోంది. వాటిలో 82 ట్రిప్పులు పన్నెండు టైర్ల బండ్లవి. హిస్టోగ్రామ్‌లో ఐదో గడి నుంచి మూడో గడికి జరిగిన ఆ రెండు శాతం ఇవే.

ఇక్కడితో సమస్య దొరికింది, డిఫాల్ట్ సరిచేయించేస్తే చాలు అనిపిస్తుంది. ఆగండి. అదే జాబితాలో ఇంకో అంకె ఉంది. ఎక్కువగా వచ్చిన ఇరవై విలువల మొత్తం వాటా ముందు నాలుగు వారాల్లో 11.6, 12.1, 11.8, 12.0 శాతం. తర్వాతి వారంలో 21.3. ఆ 10,000 తీసేసినా 18కి పైనే ఉంది. అంటే ఆ ఒక్క మేకు కాకుండా, జాబితా అంతటా విలువలు ముద్దలు కడుతున్నాయి. వేర్వేరు విలువలు ఎన్ని ఉన్నాయని లెక్కిస్తే పెద్ద తేడా కనిపించదు, 390 నుంచి 345కి దిగిందంతే. అందుకే ఆ లెక్కకన్నా మొదటి ఇరవై వాటానే చూడమంటాను.

నాలుగో పని: ముద్ద ఎక్కడ కడుతోందో బండి వారీగా

ఒకే బండి ఖాళీ బరువు ప్రతి ట్రిప్పుకీ ఒకేలా ఉండదు. డీజిల్ లీటరు 0.83 కిలోల దాకా తూగుతుంది. 300 లీటర్ల ట్యాంకు నిండుగా ఉండటానికీ అడుగంటడానికీ మధ్య 250 కిలోలు. క్లీనర్ దిగాడా లేదా, తడి బొగ్గు తొట్టికి ఎంత అంటుకుంది, చక్రాలకు బురద ఎంత. వీటన్నిటివల్ల ఒక బండి టేర్ సగటు చుట్టూ 70 కిలోల ప్రామాణిక విచలనంతో ఆడుతుందనుకుంటే, 10 కిలోల కాటా మీద వరుసగా రెండు ట్రిప్పులకు అచ్చం ఒకే అంకె పడే అవకాశం 4 శాతం దగ్గర ఉంటుంది. ఇప్పుడు డేటాను అడగండి.

```python
df = df.sort_values(["veh_no", "gross_time"])
prev = df.groupby("veh_no")["tare_kg"].shift()
ok = prev.notna() & df["tare_kg"].notna()
df["same"] = df["tare_kg"].eq(prev)

by_day = df[ok].groupby(df["gross_time"].dt.date)
print(by_day["same"].agg(["mean", "size"]))
```

దీనికి ముందు `veh_no` శుభ్రం చెయ్యండి. పాత వెర్షన్ నంబర్లో ఖాళీలు లేకుండా, కొత్తది ఖాళీలతో రాస్తే అదే బండి రెండు బండ్లవుతుంది. ఇక్కడ పాత AP31 నంబర్లూ, 2019లో రాష్ట్రమంతటికీ వచ్చిన AP39 సిరీస్ నంబర్లూ కలిసే తిరుగుతాయి. గుమాస్తాలు కొందరు చివరి నాలుగంకెలే కొడతారు. అలా కొట్టినవి వేర్వేరు బండ్లను కలిపేస్తాయి, వాటిని ఈ లెక్కలోంచి తప్పించండి.

జులై 6 దాకా రోజువారీ వాటా 3 నుంచి 6 శాతం మధ్య తిరిగింది. 7వ తేదీన ప్రతి బండి మొదటి ట్రిప్పుకూ పోలిక పాత తూకంతోనే అయినా 30 దాటింది, 8 నుంచి 70 దగ్గర, వారం మొత్తానికి 67 శాతం. ఇంత నిటారు మెట్టు వానవల్ల రాదు. సహజమైన మార్పులు ఈ కాలమ్‌ని నెమ్మదిగా జరుపుతాయి. వాన పెరిగేకొద్దీ బురదా తడి బొగ్గూ అంటి టేర్ కొంచెం కొంచెంగా పైకి పోతుంది. ఒకే అంకె మళ్లీ మళ్లీ పడేలా చెయ్యదు. నిజానికి వానాకాలంలో ఆ వాటా ఇంకా తగ్గాలి. మెట్టు సరిగ్గా ఆదివారం రాత్రి పది గంటలకే మొదలైందో లేదో తేల్చడానికి ఆ రెండు రోజులను గంట వారీగా చూడండి. రెండో కాటా పాత సాఫ్ట్‌వేర్ మీదే ఉంటే దాని వాటా 4 దగ్గరే నిలబడి ఉండాలి.

ఇక కారణం కోసం ఒక పక్క కాలమ్ చాలు. `tare_time` నుంచి `gross_time` తీసెయ్యండి. దించి బయటికి రావడానికి ముందు వారాల్లో ఇరవై నిమిషాలకు తక్కువ పట్టేది కాదు. ఇప్పుడు 71 శాతం వరసల్లో ఆ తేడా సున్నా సెకన్లు. రెండో తూకం జరగడమే లేదు. కొత్త వెర్షన్‌లో 'నిల్వ టేర్' అనే సౌకర్యం ఆన్ అయి వచ్చింది. బండి నంబర్ కొట్టగానే మాస్టర్‌లోని ఖాళీ బరువు తెచ్చి నెట్ తేల్చేస్తోంది. గేటు దగ్గర క్యూ తగ్గింది కాబట్టి డ్రైవర్లకూ సూపర్‌వైజర్‌కూ సంతోషమే, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు.

ఎంత నష్టమో తేల్చడం

రెండు తప్పులనూ విడివిడిగా లెక్క కట్టండి, ఎందుకంటే సరిచేసే దారులు వేరు.

డిఫాల్ట్ 10,000 పడ్డవి: పన్నెండు టైర్ల బండ్ల నిజమైన టేర్ 12,400 అనుకుంటే ట్రిప్పుకి 2.4 టన్నుల నెట్ ఎక్కువ పడింది. 82 ట్రిప్పులకు 197 టన్నులు. మిగిలిన 45 పది టైర్లవి, తలా అర టన్ను, 22 టన్నులు. మొత్తం 219 టన్నుల దగ్గర.

నిల్వ టేర్ పడ్డవి: 4,100లో 71 శాతం అంటే 2,911. అందులో పైన లెక్కించిన 127 తీసేస్తే 2,784. మాస్టర్‌లోని బరువులు ఎప్పుడో ఎండలో, కడిగిన బండ్లకు తీసినవి. నిజంగా తూకం వేసిన మిగతా 29 శాతం ట్రిప్పుల్లో, అదే బండి మాస్టర్ బరువుకీ తూకానికీ తేడా ఎంతో చూడండి. అది సగటున 80 కిలోలు వస్తే, 2,784 ట్రిప్పులకు 223 టన్నులు. కంటికి కొట్టొచ్చిన మేకు ఎంత నష్టం తెచ్చిందో, కంటికి ఆననిది కూడా అంతే తెచ్చింది. రెండూ కలిపి వారానికి 440 టన్నులకు పైగా దిగని బొగ్గు పుస్తకాల్లోకి చేరింది.

అయినా టేర్ సగటు 11,160 నుంచి 11,050కి, అంటే ఒక్క శాతం తగ్గింది అంతే. 'సగటు 5 శాతం కదిలితే చెప్పు' అని పెట్టుకున్న హెచ్చరిక దీనికి ఎన్నటికీ మోగదు.

ఆ 80 కిలోల అంకెను మాత్రం జాగ్రత్తగా వాడండి. ఏ ట్రిప్పులకు తూకం వెయ్యాలో ఎవరు ఎంచుకున్నారు? అనుమానం వచ్చిన బండ్లనే కాటా ఎక్కిస్తుంటే ఆ 29 శాతం మిగతావాటికి ప్రతినిధి కాదు, తేడా ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అప్‌గ్రేడ్‌కి ముందు వారం తూకాలతో కూడా అదే బండ్ల మాస్టర్ బరువును పోల్చి, రెండు అంకెలూ దగ్గరగా వస్తేనే వాడండి.

చివరి అంకెల సంగతి

అప్‌గ్రేడ్‌తో పాటు డిజిటల్ ఇండికేటర్ కూడా మార్చి ఉంటే ఇంకొక్కటి చూడండి. టేర్‌ని 100తో భాగిస్తే వచ్చే శేషం. పది కిలోల కాటాకు 00, 10, 20 నుంచి 90 దాకా పదీ దాదాపు తలా పది శాతం రావాలి.

```python
(df["tare_kg"] % 100).value_counts(normalize=True)
```

10, 30, 50, 70, 90 మాయమై మిగతా ఐదూ తలా 20 అయితే కనీస తేడా 20 కిలోలకు మారిపోయింది. 00 ఒక్కటే 15, 20 శాతం దాకా లేస్తే ఎవరో చేత్తో కొడుతున్నారు. మనుషులు గుండ్రం చేస్తారు, యంత్రం చెయ్యదు. గ్రాస్ కాలమ్ మీద కూడా ఇదే వరస నడపండి. అక్కడ పదీ సమంగా ఉండి టేర్‌లో మాత్రమే ముద్ద కడితే ఇండికేటర్ తప్పు కాదు.

దొరికాక చెయ్యాల్సింది

తప్పు వరసలను తుడవకండి, సరిచేసిన అంకె పాతదాని మీద రాయకండి. ఒక కొత్త కాలమ్ చేర్చి, తూకం వేసినది, నిల్వ నుంచి వచ్చినది, డిఫాల్ట్ పడినది అని మూడు గుర్తులు పెట్టండి. రెండు సమయాల తేడా సున్నా అయితే నిల్వ, దానికి తోడు టేర్ 10,000 అయి మాస్టర్‌లో బరువు లేకపోతే డిఫాల్ట్. సరిచేసిన నెట్ మరో కాలమ్‌లో. బిల్లుల వాళ్లు రేపు ఎందుకు మారిందని అడిగితే వరస వరసకీ జవాబు ఉండాలి.

సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లకు రాసేటప్పుడు 'డేటా తేడాగా ఉంది' అని రాస్తే 'మా వైపు అంతా బాగానే ఉంది' అని జవాబు వస్తుంది. ఫలానా టికెట్ నంబర్, గ్రాస్ సమయం, టేర్ సమయం, రెండూ ఒకటే, అప్‌గ్రేడ్‌కి ముందు ఇలాంటివి లేవు, తర్వాత 71 శాతం అని రాయండి. అడగాల్సినవి రెండే: నిల్వ టేర్ వాడకం ఆపండి, లేదా దానికి గడువు రోజులు పెట్టండి. టేర్ దొరకకపోతే అంకె నింపకుండా ఖాళీ వదిలి టికెట్ ఆపండి. డిఫాల్ట్‌గా సున్నా పెట్టిస్తామంటే ఒప్పుకోకండి. టేర్ సున్నా అయితే గ్రాస్ మొత్తం నెట్ అయిపోతుంది.

రోజూ నడిచే తనిఖీలో నాలుగు అంకెలు ఉంచండి: స్థిరమైన గడులతో పీఎస్ఐ, మొదటి ఇరవై విలువల వాటా, ఒక్క విలువకు వచ్చిన గరిష్ఠ వాటా, బండి వారీ పునరావృతం. హద్దులు మీ పాత వారాల గరిష్ఠానికి కొంచెం పైన పెట్టండి. మన యార్డుకైతే 0.01, 14 శాతం, 1 శాతం, 10 శాతం. ఈ హద్దులు వారం మొత్తానికి కట్టినవి. ఒక్క రోజు 600 ట్రిప్పుల మీద నడిపితే మొదటి మూడూ వరసలు తక్కువై ఊరికే మోగుతాయి. కాబట్టి ప్రతి రోజూ గడిచిన ఏడు రోజుల మీద లెక్కించండి. పునరావృతం ఒక్కటి రోజువారీగా చూసినా నిలబడుతుంది. తర్వాతి అప్‌గ్రేడ్ మర్నాడు పొద్దున, టిఫిన్‌కి వెళ్లే ముందు, ముందుగా దాన్నే చూడండి.